ముసురు మబ్బు ఫోటోలో హరివిల్లు, మెరుపు అతికిస్తే దొరికిపోతున్నాను. తప్పెక్కడ?

గోదారి_గట్టు · రాత్రి 9:12

అందరికీ నమస్కారం అండి. మాది రాజమండ్రి. మొన్న సెప్టెంబరు మొదటి వారంలో ఒకే సాయంత్రం ఫోన్‌తో రెండు ఫోటోలు తీశాను.

మొదటిది కొవ్వూరు వైపు, గోష్పాద క్షేత్రం రేవు దగ్గర సాయంత్రం 5:10కి తీసింది. నదికి అవతల రాజమండ్రి, దాని వెనక నల్లగా కమ్ముకొస్తున్న వాన. ఇవతల గట్టు మీద మాత్రం ఎండ పడుతోంది. పడవలు కట్టే గుంజలకు నీడలు కూడా ఉన్నాయి. రెండోది ఇంటికి వచ్చాక 6:35కి పుష్కర ఘాట్ నుంచి తీసింది. ఆర్చి వంతెన, వెనక కొవ్వూరు చెట్ల వరస, పైన మబ్బు, దాని కింద సన్నగా ఎర్రటి గీత.

రెండో ఫోటోలో రంగులు బాగున్నాయని దానికి హరివిల్లు పెట్టాను. మొదటిదానికి మెరుపు పెట్టాను. రెండూ జోడించాను, చూడండి. మా మేనకోడలు ఇంటర్ చదువుతోంది. ఫోన్ చేతికివ్వగానే "మావయ్యా, అతికించావు కదా" అంది. ఎలా తెలిసిందే అంటే చెప్పలేకపోయింది. మీరైనా చెప్పండి. ఎడిటింగ్ కంప్యూటర్‌లో ఫోటోషాప్‌తోనే చేస్తాను.

స్టూడియో_బాబు · రాత్రి 9:30

బ్రో, ఒపాసిటీ ఎక్కువైంది, అంతే. హరివిల్లు లేయర్‌ను `Screen`లో పెట్టి 40కి దించు, అంచులకు కాస్త బ్లర్ కొట్టు, అయిపోయింది. 18 ఏళ్లుగా పెళ్లి ఆల్బమ్‌లు చేస్తున్నాను. జంట వెనక ఎన్ని హరివిల్లులు పెట్టానో లెక్కే లేదు. ఒక్కరు కూడా అడగలేదు.

వానకాలం_వనజ · రాత్రి 9:41

పెళ్లి ఆల్బమ్‌లో ఎవరడుగుతారు సార్, అందరూ చీర చూస్తారు :)

మా దిక్కు దీన్ని సింగిడి అంటాం. గోదారి గట్టు గారూ, రెండో ఫోటో ఏ దిక్కుకు తీసింది? పుష్కర ఘాట్ నుంచి కొవ్వూరు చెట్లు కనిపిస్తున్నాయంటే పడమర కదా? సాయంత్రం పడమర సింగిడి ఎట్లా వస్తది?

లెన్సు_మాస్టారు · రాత్రి 10:05

వనజ గారు సరిగ్గా పట్టుకున్నారు. బాబు గారు చెప్పిన `Screen` సంగతి కూడా నిజమే, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ చోటు తప్పినప్పుడు ఒపాసిటీ 40 చేసినా 10 చేసినా అది తప్పుచోటే.

హరివిల్లు ఎప్పుడూ సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కునే వస్తుంది. మీ వీపు మీద ఎండ పడుతుంటే మీ తల నీడ ఎక్కడ పడుతుందో అదే విల్లుకు కేంద్రం. అక్కడి నుంచి 42 డిగ్రీల దూరంలో విల్లు ఉంటుంది. ఇందులో బేరం లేదు. రెండో ఫోటోలో కెమెరా చూస్తున్నది సూర్యుడు దిగిన వైపుకే. పైగా 6:35కి సూర్యుడే లేడు, ఆ రోజుల్లో మీ ఊళ్లో 6:10 ప్రాంతంలో అస్తమిస్తాడు. చెట్లు, వంతెన నల్లటి ఆకారాల్లా ఉన్నాయి, వెలుగు వాటి వెనక నుంచి మనవైపు వస్తోంది. మీ మేనకోడలికి తెలిసింది ఇదే, పేరు పెట్టలేకపోయింది.

రెండూ తారుమారు చేశారండి. మొదటి ఫోటో తూర్పుకు చూస్తోంది, వెనక ఎండ, ముందు నల్ల వాన. హరివిల్లుకు దానికంటే మంచి చోటు దొరకదు. రెండోది మునిమాపు, మెరుపుకు అది సరిపోతుంది. మార్చుకోండి, ఆ తర్వాత వెలుగు సంగతి మాట్లాడుకుందాం.

నయాగరా_పక్కింటోడు · రాత్రి 10:22

మాస్టారూ, చిన్న డౌట్. సూర్యుడు 42 డిగ్రీల కంటే పైన ఉంటే హరివిల్లు రాదని చాలాచోట్ల చదివాను. మేం బఫెలో దగ్గర ఉంటాం. జూలైలో మా అత్తగారు వాళ్లు వస్తే నయాగరా తీసుకెళ్లాం. మిట్టమధ్యాహ్నం స్పష్టంగా హరివిల్లు చూశాం, ఫోటోలు కూడా ఉన్నాయి. అంటే ఆ 42 రూల్ తప్పా?

లెన్సు_మాస్టారు · రాత్రి 10:34

తప్పు కాదండి. మీరు రెయిలింగ్ దగ్గర నిలబడి తల వంచి కిందికి చూసి ఉంటారు. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు 70 డిగ్రీల దాకా ఎక్కుతాడు కాబట్టి విల్లు పైకొస దిగ్మండలానికి 28 డిగ్రీల కింద ఉంటుంది. మామూలు నేల మీద అక్కడ నేలే ఉంటుంది, వాన చినుకులు ఉండవు. మీకు అక్కడ లోయ నిండా నీటి తుంపర ఉంది. ఆకాశంలో విల్లు కావాలంటే మాత్రం సూర్యుడు 42కి కిందే ఉండాలి. మిట్టమధ్యాహ్నం ఆకాశంలో హరివిల్లు అతికించిన ఫోటోలు దొరికిపోయేది అందుకే.

గోదారి_గట్టు · మరుసటి రోజు ఉదయం 7:15

అమ్మో, తారుమారు చేశానా! సరే, మొదటి ఫోటోకు హరివిల్లు పెట్టి చూశాను. నెట్‌లో దొరికిన అర్ధచంద్రాకారం బొమ్మ తెచ్చి, ఒక కాలు రాజమండ్రి వైపు, ఇంకో కాలు నది చివర పడేలా సర్దాను. చక్కగా ఫ్రేములో పట్టింది. కానీ ఇప్పుడూ బొమ్మలానే ఉంది మాస్టారూ. జోడించాను.

లెన్సు_మాస్టారు · ఉదయం 8:02

"చక్కగా ఫ్రేములో పట్టింది" అన్నారే, తప్పు అక్కడే ఉంది. పూర్తి విల్లు అడ్డంగా 80 డిగ్రీల పైమాటే. మీ ఫోన్ మామూలు లెన్సు అంత వెడల్పు చూడదు. పట్టిందంటే మీరు విల్లును కుదించారన్నమాట.

కొన్ని వివరాలు చెప్పండి. ఫోటో ఎన్ని పిక్సెళ్లు, ఫోటో వివరాల్లో 35 mm లెక్కన ఫోకల్ లెన్త్ ఎంత అని ఉంది, నది అవతలి గట్టు ఫ్రేములో ఎంత ఎత్తులో ఉంది, గుంజల నీడలు ఎటు వెళ్తున్నాయి. ఫోటోను కత్తిరించలేదు కదా? కత్తిరించి ఉంటే అసలు ఫైలు తీయండి.

గోదారి_గట్టు · ఉదయం 8:40

కత్తిరించలేదండి. 4000 × 3000, 26 mm అని ఉంది. అవతలి గట్టు పైనుంచి లెక్కిస్తే 2250వ వరస దగ్గర ఉంది. నీడలన్నీ నా దగ్గర నుంచి నది వైపు పోతున్నాయి. వాటి వెంట గీతలు గీసి పొడిగిస్తే అవతలి గట్టు మీద దాదాపు ఫోటో మధ్యలో కలుస్తున్నాయి, ఒక 20 పిక్సెళ్లు అటూ ఇటూ.

లెన్సు_మాస్టారు · ఉదయం 9:26

మీరు అదృష్టవంతులు. నీడలు కలిసే చోటికి నిట్టనిలువుగా కిందే విల్లు కేంద్రం ఉంటుంది. అది ఫోటో మధ్యలోనే కాబట్టి విల్లు అటూ ఇటూ సమానంగా వస్తుంది. నీడలు పక్కకు పోతున్న ఫోటో అయితే విల్లును కూడా అటే జరపాలి. నీడలు పూర్తిగా అడ్డంగా ఉంటే అసలు ఫ్రేములోకే రాదు.

ఆ రోజు 5:10కి సూర్యుడు ఎంత ఎత్తులో ఉన్నాడో Stellarium లో చూశాను, సుమారు 14 డిగ్రీలు. అంటే విల్లు పైకొస దిగ్మండలానికి 42 − 14 = 28 డిగ్రీల ఎత్తులో ఉండాలి. దీన్ని పిక్సెళ్లలోకి మార్చాలి. ఫోటో మూల నుంచి మూలకు 5000 పిక్సెళ్లు, ఫుల్‌ఫ్రేమ్ ఫిల్ముకు అదే మూల నుంచి మూలకు 43.3 mm. కాబట్టి:

```
F = 5000 × 26 / 43.3 ≈ 3000
d = F × tan(a)
```

ఇక్కడ `a` అంటే ఫోటో నట్టనడుమ నుంచి ఎన్ని డిగ్రీలు, `d` అంటే ఎన్ని పిక్సెళ్లు. మీ ఫోటో నడుము 1500వ వరస. గట్టు దానికి 750 పిక్సెళ్లు కింద ఉంది, అంటే మీరు ఫోన్‌ను 14 డిగ్రీలు పైకెత్తి పట్టుకున్నారు. విల్లు కొస గట్టుకు 28 పైన, అంటే నడుముకు 14 పైన. కాబట్టి 750 పిక్సెళ్లు పైకి, 750వ వరసలో పడుతుంది. కేంద్రమేమో ఫోటో కింది అంచుకు కాస్త దిగువన ఉంటుంది. మీ తల నీడ ఫ్రేములో పడకుండా కొద్దిలో తప్పిందన్నమాట.

అంచుల దగ్గర లెక్క కొంచెం చిక్కు. కెమెరా వాలి ఉంది కాబట్టి విల్లు అచ్చమైన వృత్తం కాదు, కొద్దిగా సాగుతుంది. నేను కూర్చుని లెక్క కడితే కుడి ఎడమ అంచుల్లో 1565వ వరస దగ్గర ఫ్రేము దాటి బయటికి పోతోంది. ఈ మూడు చోట్ల గుండా పోయే వృత్తం ఈ ఫ్రేము వరకు సరిపోతుంది. కేంద్రం అడ్డంగా 2000, నిలువుగా 3615, వ్యాసార్ధం 2865. కాన్వాస్‌ను కిందికి పెంచుకుని `Radial Gradient` గీయండి. రంగుల పట్టీ మందం పైకొస దగ్గర 110 పిక్సెళ్లు ఉండాలి, అంచుల్లో 135 దాకా పెరిగినా పర్వాలేదు. మీరు పెట్టిన దాని మందం నేను కొలిస్తే 260 వచ్చింది.

ఈ వృత్తం ఈ ఒక్క ఫోటోకే. ఇంకో ఫోటోకు వాడకండి.

గోదారి_గట్టు · ఉదయం 9:50

అంటే కాళ్లు రెండూ కనిపించవా? రాజమండ్రి మీద కాలు మోపినట్టు ఉండాలనే కదండీ నా ఆశంతా...

లెన్సు_మాస్టారు · ఉదయం 10:01

కనిపించవు. ఆ రోజు ఫోన్‌లో 0.5 లెన్సు నొక్కి ఉంటే రెండు కాళ్లూ వచ్చేవి. లేదా 26 తోనే ఎడమకు తిరిగి ఒక కాలు పట్టవచ్చు. ఈ ఫ్రేములో మాత్రం విల్లు భుజాల దగ్గరే తెగిపోతుంది. నన్నడిగితే అదే బాగుంటుంది. పూర్తి అర్ధచంద్రం చూడగానే అతికించిందని అనుమానం వస్తుంది, తెగిన విల్లు మీద అంత అనుమానం రాదు.

స్టూడియో_బాబు · ఉదయం 11:15

లెక్కలు బాగున్నాయి గానీ, నదిలో రిఫ్లెక్షన్ మర్చిపోయారు. విల్లును కిందికి ఫ్లిప్ చేసి నీళ్ల మీద 30% వేస్తేనే నమ్మేలా ఉంటుంది. అలాగే గట్టు మీద ఆ రంగుల వెలుగు కొంచెం పూయాలి. ఇది బేసిక్ రూల్, ఏ వెలుగు పెట్టినా కింద పడాలి.

లెన్సు_మాస్టారు · మధ్యాహ్నం 1:10

బాబు గారూ, నీళ్లలో హరివిల్లు కనిపించడం నిజమే. నిశ్చలమైన చెరువులో కోణాల లెక్కన అద్దంలో తిప్పినట్టే ఉంటుంది. కానీ ఈ ఫోటోలో దాన్ని తిప్పి చూడండి. పైకొస గట్టుకు 28 డిగ్రీలు పైన ఉంటే నీళ్లలో 28 కిందికి పడాలి. ఈ ఫోటోలో గట్టు కింద నీళ్లు నడుమన 12, 13 డిగ్రీల మేరే ఉన్నాయి, అంచుల్లో ఇంకా తక్కువ. కాళ్ల ప్రతిబింబమైనా వస్తుందేమో అంటే, కాళ్లే ఫ్రేము బయట ఉన్నాయి. కాబట్టి ప్రతిబింబం ఈ ఫ్రేములోకి రాదు, పెడితే మళ్లీ దొరికిపోతారు. పైగా సెప్టెంబరులో గోదారి ఎర్రనీరు, అలలు. అద్దం కాదది.

రంగుల వెలుగు నేల మీద పడటం మాత్రం ఒప్పుకోను. హరివిల్లు దీపం కాదు. చినుకుల నుంచి వచ్చే ఆ రంగు మీ కంటికి ఆ కోణంలో మాత్రమే కనిపిస్తుంది, పక్కనున్నవాడు చూసేది వేరే చినుకుల వల్ల వచ్చిన వేరే విల్లు. ఇసుక మీద ఎరుపు నీలం పూస్తే సినిమా సెట్టింగు లాగా ఉంటుంది. నేలను వెలిగించేది ఎండ, అది మీ ఫోటోలో ముందే ఉంది. ఏ వెలుగైనా కింద పడాలన్న మీ రూలు మెరుపుకు వర్తిస్తుంది.

విల్లు లోపలి ఆకాశం బయటి ఆకాశం కంటే కాస్త తెల్లగా ఉంటుంది. ఇది చాలామంది వదిలేస్తారు. నిజమైన ఫోటోల్లో విల్లు లోపల పాలు కలిపినట్టు పలచటి తెలుపు, బయట ఒక్కసారిగా నలుపు. రంగుల కంటే ఈ తేడాయే కంటిని ఒప్పిస్తుంది. విల్లు లోపలంతా ఎంచుకుని, తెలుపును `Screen`లో 6 శాతం వేయండి, అంతకు మించొద్దు.

వానకాలం_వనజ · మధ్యాహ్నం 2:20

రెండో సింగిడి కూడా పెట్టాలా మాస్టారూ? మా ఊళ్లో గట్టి వాన తర్వాత చూసినప్పుడల్లా పైన ఇంకోటి పలచగా ఉంటది.

లెన్సు_మాస్టారు · మధ్యాహ్నం 2:41

పెట్టొచ్చు, తప్పనిసరేమీ కాదు. ఎండ బలంగా ఉండి వెనక మబ్బు బాగా నల్లగా ఉంటేనే కంటికి ఆనుతుంది. అది 51 డిగ్రీల దగ్గర వస్తుంది. ఈ ఫోటోలో పైనుంచి 230వ వరస ప్రాంతంలో పడుతుంది. రంగులు తలకిందులు, ఎరుపు లోపలికి. మొదటి విల్లు బొమ్మనే కాపీ చేసి పెద్దది చేస్తే ఎరుపు బయటికి వస్తుంది, జాగ్రత్త. రెండింటి మధ్య ఆకాశం మిగతా ఆకాశం కంటే నల్లగా ఉండాలి. ఇవన్నీ చేయలేకపోతే రెండోది వదిలేయడం మేలు.

పోలరైజర్_పిచ్చోడు · మధ్యాహ్నం 3:05

హరివిల్లుకు పోలరైజర్ వాడండి బ్రదర్. రంగులు కత్తిలా వస్తాయి. సర్క్యులర్ పోలరైజర్, 77 mm నేను వాడుతున్నా.

వానకాలం_వనజ · మధ్యాహ్నం 3:09

అన్నా, ఆయన తీసేశాడు ఫోటో. ఇప్పుడు అతికిస్తున్నాడు.

పోలరైజర్_పిచ్చోడు · మధ్యాహ్నం 3:12

ఓహ్ సారీ, పైవి చదవలేదు. అయినా ఎప్పుడైనా పనికొస్తుంది. కానీ తప్పు వైపు తిప్పితే విల్లే మాయమవుతుంది, ఒకసారి అరకులో అలాగే పోగొట్టుకున్నా.

గోదారి_గట్టు · రాత్రి 8:30

చోటు కుదిరింది మాస్టారూ. మూడు చోట్లా కొలిచి గీశాను. ఇప్పుడు ప్రకాశం ఎంత ఉండాలి? `Screen`లో 40 పెడితే వెలిసిపోయింది, 70 పెడితే ఐస్‌క్రీం బండి మీది బొమ్మలా ఉంది.

లెన్సు_మాస్టారు · రాత్రి 9:04

శాతం నేను చెప్పలేను, మీ గ్రేడియెంట్ రంగులెంత గాఢమో దాన్ని బట్టి ఉంటుంది. కొలిచి చూసుకోండి. ఐడ్రాపర్‌తో నల్ల మబ్బు మీద నొక్కండి, తర్వాత ఎండ పడుతున్న తెల్లటి వస్తువు ఏదైనా చూడండి. అవతల మేడ గోడ గానీ, పడవ పక్కన తెల్లచొక్కా మనిషి గానీ. విల్లులో అతి వెలుగైన చోటు కూడా ఆ గోడ కంటే బాగా తక్కువే ఉండాలి. మీ ఫోటోలో మబ్బు 80 దగ్గర, గోడ 215 దగ్గర ఉంది. అయితే ఎరుపు పట్టీలో ఎరుపు ఛానల్ 120 దాటకుండా చూస్తాను నేను. నా అలవాటు ఇది, శాస్త్రం కాదు.

`Screen` ఎందుకంటే విల్లు వెనకున్న వెలుగుకు తోడయ్యేదే తప్ప దాన్ని కప్పే రంగు కాదు. గ్రేడియెంట్ నల్లటి నేపథ్యం మీద గీసి `Screen` వేస్తే నలుపు మాయమై వెలుగు మాత్రమే కలుస్తుంది. `Normal`లో వేస్తే విల్లు వెనక మబ్బు గీతలు మూసుకుపోతాయి. అప్పుడు స్టిక్కరు అతికించినట్టే.

తర్వాత మాస్క్ తీసుకుని మెత్తటి బ్రష్‌తో విల్లును తెంపండి. చినుకులు ఒక్కచోట చిక్కగా, ఒక్కచోట పలచగా ఉంటాయి. మీ ఫోటోలో కుడివైపు వాన తెర స్పష్టంగా దిగుతోంది, అక్కడ విల్లు బలంగా ఉండాలి. ఎడమవైపు తేటగా ఉంది, అక్కడ దాదాపు చెరిపేయండి. చివరికి లేయర్ మీద ఫోటోలో ఉన్నంత గ్రెయిన్ వేయండి. ఫోన్ ఫోటోలో మబ్బంతా గరగరగా ఉండి విల్లు ఒక్కటే పట్టులా నున్నగా ఉంటే జూమ్ చేసినవాడికి తెలిసిపోతుంది.

స్టూడియో_బాబు · రాత్రి 9:20

అవతలి గట్టు మీద మేడల్ని కూడా మాస్క్ చేయాలి కదా, విల్లు వాటి వెనకే ఉండాలి.

లెన్సు_మాస్టారు · రాత్రి 9:33

ఇక్కడ విల్లు మేడల దాకా దిగదు, ఆ గొడవ లేదు. దిగితే మాత్రం మీ మాట సగమే నిజం. మనకూ మేడలకూ మధ్య వాన పడుతుంటే విల్లు మేడల ముందు కూడా కనిపిస్తుంది. చెట్ల ముందు, కొండల ముందు నేనే చూశాను.

స్టూడియో_బాబు · రాత్రి 9:36

కొండ ముందు సరే. మేడ ముందు పెడితే కస్టమర్ ఒప్పుకోడు మాస్టారూ. నేను వెనకే పెడతా.

గోదారి_గట్టు · మరుసటి రోజు సాయంత్రం 6:45

హరివిల్లు పని అయిపోయింది. మేనకోడలికి చూపిస్తే "ఆ రోజు నిజంగా వచ్చిందా?" అని అడిగింది. ఇక మెరుపు. రెండో ఫోటోలో పెట్టాను, జోడించాను. పైనుంచి దిగి నది మధ్యలో నీళ్ల మీద పడేలా. భలే ఉంది గానీ ఏదో తేడా.

వానకాలం_వనజ · రాత్రి 7:10

పిడుగు అంత దగ్గర పడితే మీరు ఫోటో తియ్యరు సార్, ఉరుకుతరు.

లెన్సు_మాస్టారు · రాత్రి 8:15

వనజ గారు నవ్వుతూ అన్నా అసలు సంగతి అదే. మెరుపుకు ముందు దూరం తేల్చుకోవాలి, మిగతావన్నీ దాని వెంట వస్తాయి.

ఈ ఫోటోలో మబ్బు అడుగు నుంచి కొవ్వూరు చెట్ల దాకా 600 పిక్సెళ్లు ఉంది. అదే ఫోన్, అదే లెన్సు, F 3000. అది 11 డిగ్రీల పైచిలుకు. మబ్బు అడుగు నేలకు ఒక కిలోమీటరు ఎత్తులో ఉందనుకుంటే, ఇది నా అంచనా మాత్రమే, ఆ మబ్బు మీకు 5 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆర్చి వంతెన పొడవే దాదాపు 2.7 కిలోమీటర్లు. అంటే పిడుగు కొవ్వూరు గట్టు దాటి ఇంకా రెండు కిలోమీటర్లు అవతల పడాలి. కింది కొస చెట్ల వెనక దాక్కోవాలి. నీళ్ల మీద కాదు.

ఇప్పుడు మందం చూడండి. 5 కిలోమీటర్ల దూరంలో ఒక్క పిక్సెల్ అంటే 1.7 మీటర్లు. మీరు పెట్టిన మెరుపు 25 పిక్సెళ్ల మందం ఉంది, 40 మీటర్ల పైమాట! అసలు మెరుపు దారి మందం కొన్ని సెంటీమీటర్లే. వెలుగు లెన్సులో చిందడం వల్ల ఫోటోలో లావుగా కనిపిస్తుంది, అయినా ఈ దూరంలో నడిమి గీత 3, 4 పిక్సెళ్లు చాలు. పాయలు ఇంకా సన్నం. దగ్గర నుంచి తీసిన మెరుపు బొమ్మను తెచ్చి కుదించకుండా వాడితే వచ్చే తంటా ఇది.

నడిమి గీత పూర్తి తెలుపు, రంగు ఉండదు. రంగంతా చుట్టూ ఉన్న కాంతిలోనే. గీతను కాపీ చేసి 12 పిక్సెళ్లు బ్లర్ చేసి, లేత నీలం ఊదా వేసి, `Screen`లో సగానికి సగం తగ్గించండి.

స్టూడియో_బాబు · రాత్రి 8:31

ఊదా వేయాలి, అవును. మెరుపు ఎప్పుడూ ఊదాయే.

నయాగరా_పక్కింటోడు · రాత్రి 8:50

మా దగ్గర వేసవిలో దూరం మెరుపులు నారింజ రంగులో చూశాను, గులాబీ కూడా.

లెన్సు_మాస్టారు · రాత్రి 9:10

ఇద్దరివీ నిజమే కావచ్చు. వాన, దుమ్ము గుండా దూరం నుంచి వస్తే నీలం చెదిరిపోయి పసుపుకు తిరుగుతుంది. కెమెరా వైట్ బ్యాలెన్స్ కూడా మారుస్తుంది. ఈ ఫోటోలో పైభాగం నీలం వైపు, చెట్ల దగ్గర వాన తెర వెనక కాస్త మసకగా, వెచ్చగా పెడితే నాకు నచ్చుతుంది. పందెం కాయను.

అసలు పని మబ్బు దగ్గర ఉంది. మెరుపు ఎక్కడి నుంచి బయటికి దిగుతోందో అక్కడ మబ్బు లోపలి నుంచి వెలగాలి. మీరు తెల్ల బ్రష్ పూశారు, మంచులా అయింది. బదులుగా `Curves` లేయర్ వేసి వెలుగు పెంచి, మాస్క్ అంతా నలుపు చేసి, మెరుపు పుట్టే చోట మాత్రం పెద్ద మెత్తటి బ్రష్‌తో తెరవండి. అప్పుడు మబ్బు మడతలే వెలుగుతాయి, వాటి నీడలు అలాగే ఉంటాయి. అడుగుభాగం ఎక్కువగా, పక్కలకు పోయేకొద్దీ తగ్గుతూ.

నీళ్లలో ప్రతిబింబం ఇక్కడ తప్పక కావాలి, బాబు గారి రూలు ఇక్కడ నూటికి నూరుపాళ్లు. మెరుపుకు నిట్టనిలువుగా కింద, అదే నిలువు వరసలో ఉండాలి. అవతలి గట్టు నుంచి మొదలై మనవైపు రావాలి. అలలున్న నీళ్లు కాబట్టి మెరుపు ఆకారం కనిపించదు, పాయలు కనిపించవు. ముక్కలు ముక్కలుగా తెగిన నిలువు వెలుగు చార మాత్రమే. మెరుపును తలకిందులు చేసి `Motion Blur` 90 డిగ్రీల్లో సాగదీసి, అలల వెలుగు భాగాల మీదే పడేలా మాస్క్ చేయండి. దాని చుట్టూ వెలిగిన మబ్బుకు కూడా వెడల్పాటి మసక చార పడుతుంది.

ఘాట్ మెట్ల మీద పెద్దగా ఏమీ చేయకండి. 5 కిలోమీటర్ల నుంచి వచ్చే వెలుగుకు తడి మెట్ల అంచులు సన్నగా మెరిస్తే చాలు. వంతెన మనకు ఎదురుగా నల్లగానే ఉండాలి, వెలుగు దాని వెనక నుంచి కదా.

గోదారి_గట్టు · రెండు రోజుల తర్వాత, రాత్రి 10:20

చేశాను. మూడు రాత్రులు పట్టింది. మెరుపు చెట్ల వెనక దిగింది, మబ్బు కడుపు వెలిగింది, చార కూడా సరిగ్గా కింద పడింది. మా ఊళ్లో చిన్న ఫోటో పోటీ ఉంది, పంపుదామా అనుకుంటున్నాను.

పోలరైజర్_పిచ్చోడు · రాత్రి 10:33

సూపర్ బ్రదర్. కానీ పోటీకి పంపితే అతికించానని రాయండి. రాయకుండా పంపడం నాకు నచ్చదు.

స్టూడియో_బాబు · రాత్రి 10:37

రూల్స్‌లో అడిగితే రాయాలి, అడక్కపోతే ఎందుకు?

వానకాలం_వనజ · రాత్రి 10:52

ఆ పంచాయితీ తర్వాత. గోదారి గట్టు గారూ, జూమ్ చేసి చూడండి. ఎడమవైపు మెరుపు పాయ ఒకటి ఆర్చి ముందు నుంచి పోతోంది. మెరుపు కొవ్వూరు అవతల అన్నారు కదా?

గోదారి_గట్టు · రాత్రి 10:55

అయ్యో రామా. మాస్క్ వంతెన దగ్గర జారిపోయింది. ఆగండి, ఫైలు మళ్లీ తెరుస్తున్నాను.